ఏడు పెంకులాట

ఏడు పెంకులాట తెలుగు గ్రామాలలో పిల్లలు రెండు జట్లుగా ఏర్పడి ఆడుకొనే ఆట. ఒక జట్టు పేర్చిన పెంకుల దొంతరను బంతితో పడగొట్టి తిరిగి పేర్చడానికి ప్రయత్నిస్తుంది. రెండవ జట్టు ఆ బంతితోనే వారిని కొట్టి అడ్డుకుంటుంది. ఇదే ఆటను కర్ణాటక, మహారాష్ట్రలలో లగోరి అనీ, ఉత్తర భారతదేశంలో పిట్టూ అనీ పిలుస్తారు. నియమాలు ఊరూరికీ కొద్దిగా మారుతుంటాయి. పాఠశాలలో ఆడించడానికి అనువైన ఒక పద్ధతి ఇక్కడ వివరించబడినది.

కావలసినవి

పగిలిన ఇంటి పెంకుల నుండి గాని, కుండ పెంకుల నుండి గాని ఏడు చదునైన ముక్కలు తీసుకుంటారు. అన్నిటికంటే పెద్దది అరచేయంత, చిన్నది రూపాయి బిళ్ళకంటే కొంచెం పెద్దదిగా ఉంటే సరిపోతుంది. గుడ్డ పేలికలను గట్టిగా చుట్టి కట్టిన బంతి గాని, మెత్తని రబ్బరు బంతి గాని వాడతారు. నేలపై ఒక చిన్న వలయం గీసి, దాని మధ్య పెద్ద పెంకు అడుగున, చిన్నది పైన ఉండేట్లు దొంతర పేరుస్తారు. వలయానికి సుమారు 15 అడుగుల దూరంలో ఒక గీత గీస్తారు.

ఆడే విధానం

1. మొదటి జట్టువారు ఒకరి తరువాత ఒకరు గీత వెనుక నిలబడి దొంతరపైకి బంతి విసురుతారు. ఒక్కొక్కరికి మూడు అవకాశాలు ఉంటాయి.
2. దొంతర పడగానే జట్టంతా పెంకులు పేర్చడానికి పూనుకుంటుంది. ఎదుటి జట్టు బంతిని అందుకొని వారిని నడుము క్రింద కొట్టాలి. దెబ్బ తగిలినవారు ఆ విడతకు ఆట నుండి తప్పుకుంటారు.
3. ఏడు పెంకులు పేర్చి వలయం చుట్టూ వేలితో గీత గీస్తే ఒక పాయింటు వస్తుంది.
4. పేర్చకముందే అందరూ తప్పుకున్నా, ఎవరూ దొంతరను పడగొట్టలేకపోయినా జట్లు తారుమారవుతాయి.

బంతి పట్టుకున్నవారు వలయం ప్రక్కనే నిలబడిపోతే పేర్చేవారు దగ్గరకు రాలేరు, ఆట ఆగిపోతుంది. అందువలన బంతి చేతికి రాగానే ఐదు అంకెలు లెక్కించేలోగా విసరాలనీ, బంతితో పరుగెత్తరాదనీ ముందుగానే చెప్పుకోవాలి.

ఒక విడత ఉదాహరణ

జట్టుకు ఐదుగురు ఆడుతున్నారనుకుందాం. మొదటి ఆటగాడు దొంతర అడుగుభాగాన్ని కొడితే ఏడు పెంకులూ చెల్లాచెదరవుతాయి. బంతి మాత్రం వేగం కోల్పోయి అక్కడే ఆగుతుంది. ఎదుటివారికి అది వెంటనే దొరుకుతుంది కాబట్టి పేర్చడం కష్టం. అదే బంతి పైనున్న మూడు పెంకులను మాత్రమే తాకితే, అవి పడిపోయి బంతి వెనుకకు దూరంగా దొర్లిపోతుంది. దానిని తెచ్చేలోగా ఇద్దరు రెండు పెంకులు పెట్టగలరు. బంతి తిరిగి రాగానే వారు వెనుకకు తగ్గుతారు, ఎదురు వైపున ఉన్న మూడవ ఆటగాడు బంతిని తనవైపు రప్పించుకుంటాడు. ఆ విసురు గురి తప్పితే మిగిలిన ఒక్క పెంకు పెట్టి గీత గీయడానికి సమయం దొరుకుతుంది. అందుచేత గురి చూసేవారు దొంతర పైభాగాన్నే ఎంచుకుంటారు.

భద్రత

ఈ ఆటలో ప్రధానమైన ప్రమాదం పెంకులు పేర్చేవారికే. వారు వంగి గాని, గొంతుకూర్చుని గాని ఉండడం వలన తల బంతి వచ్చే ఎత్తుకు వస్తుంది. "నడుము క్రింద" అనే నియమం ఒక్కటే వారిని కాపాడదు. కూర్చున్నవారిని కాళ్ళపై, అదీ బంతిని నేలపై దొర్లించి మాత్రమే కొట్టాలి. తలకు తగిలిన దెబ్బ చెల్లదు, కొట్టినవారే ఆ విడతకు తప్పుకోవాలి. క్రికెట్ ఆడే గట్టి బంతిని వాడరాదు.

పెంకుల అంచులను రాతిపై రుద్ది మొద్దుబరచాలి. ఆట మధ్యలో పెంకు పగిలితే ఆపి, ముక్కలు ఏరి, కొత్తది పెట్టాలి. చిన్న తరగతులవారికి చెక్క బిళ్ళలు మేలు. ఆడకముందు స్థలంలో గాజుముక్కలు, ముళ్ళు ఏరివేయాలి.

అభ్యసన లక్ష్యాలు

- పరిమాణక్రమం: మొదట్లో పిల్లలు చేతికి దొరికిన పెంకునల్లా పెడతారు, పెద్దది మిగిలిపోయి దొంతర కూలుతుంది. పెద్ద పెంకు కోసం ముందు వెదకడం మొదలుపెడితే క్రమం అర్థమైనట్లు ఉపాధ్యాయుడు గుర్తించవచ్చు.
- సమతుల్యత: పై పెంకుల గరిమనాభి నుండి గీసిన నిట్టనిలువు రేఖ క్రింది పెంకుపై పడినంతవరకు దొంతర నిలుస్తుంది. ఒక్కొక్క పెంకును కొద్దికొద్దిగా ప్రక్కకు జరిపి, ఎప్పుడు కూలుతుందో ఆట తరువాత తరగతిలో చూపవచ్చు.
- పని విభజన: పేర్చేవారు, బంతిని మళ్ళించేవారు వేరువేరుగా ఉండాలని పిల్లలు తామే నిర్ణయించుకోవాలి. ఐదుగురూ ఒకేసారి పెంకులపైకి ఉరికితే ఒకరికొకరు అడ్డుపడి తలలు ఢీకొంటాయి.