బోరుబావి మార్గదర్శికకు తెలుగు: పొన్నూరు నేలకు తగిన మాటలు

గ్రామస్థాయి మెకానిక్కుల కొరకు బోరుబావి తవ్వకం, సబ్‌మెర్సిబుల్ పంపు బిగింపు మార్గదర్శికను తెలుగులోనికి తెచ్చునపుడు ముందుగా చూడవలసినది నేల స్వభావం. రాతినేలలో పైనున్న మెత్తని పొర వరకే కేసింగ్ దించి, దిగువ రాతి రంధ్రాన్ని అలాగే వదలివేస్తారు. గుంటూరు జిల్లా పొన్నూరు ప్రాంతం కృష్ణా డెల్టాలోని ఒండ్రునేల. ఇక్కడ అడుగు వరకు పైపు లేనిచో ఇసుక కూలిపోతుంది. నీరున్న ఇసుక పొరకు ఎదురుగా సన్నని చీలికలున్న పైపును అమర్చి, చుట్టూ గులక నింపాలి. ఆంగ్లంలో 'స్క్రీన్' అనే ఈ పైపును 'తెర' అని రాస్తే ఎవరికీ బోధపడదు. డెల్టా రైతుకు ఫిల్టర్ పాయింటు చిరపరిచితం కనుక 'ఫిల్టర్ పైపు' అనడమే సబబు.

'డెవలప్‌మెంట్' మరొక చిక్కు. దీనిని 'బావి అభివృద్ధి' అనడం కార్యాలయ భాషకు అలవాటైన పొరపాటు. ఇక్కడ దాని అర్థం, గాలి ఒత్తిడితో గాని, నీటిని కదిలించి గాని ఫిల్టర్ పైపు చుట్టూ ఉన్న సన్న ఇసుకను బయటకు తోడివేయడం. బకెట్టులో పట్టిన నీటిని కొంతసేపు కదపకుండా ఉంచినపుడు అడుగున ఇసుక పేరుకొంటే ఆ పని ఇంకా పూర్తికానట్లే. అప్పుడే పంపు దించితే ఇసుక దాని భాగాలను అరగదీస్తుంది.

అన్నిటికంటె నష్టం కలిగించేది 'హెడ్' అనే పదానికి 'లోతు' అని రాయడం. ఉదాహరణకు ఒక బోరులో పంపును 15 మీటర్ల లోతున అమర్చారనుకొందాం. పంపు నడుస్తున్నపుడు నీటిమట్టం నేలకు 9 మీటర్ల దిగువన నిలుస్తుంది. ట్యాంకులోనికి నీరు పడే చోటు నేలకు 12 మీటర్ల ఎత్తున ఉన్నది. పైపులలో రాపిడికి మరో 3 మీటర్లు కలిపితే హెడ్ 24 మీటర్లు. 15 మీటర్లనే హెడ్‌గా భావించి పంపు కొంటే నీరు ట్యాంకుకు ఎక్కదు. 9కి బదులు 15 కలిపి 30 మీటర్ల పంపు తెస్తే అది అవసరానికి మించి నీరు తోడుతుంది. కావున 'నీరు ఎక్కవలసిన మొత్తం ఎత్తు' అని విడమరచి రాయాలి.

ఎక్కువ తోడితే విద్యుత్ వృథాతోనే నష్టం ఆగదు. తీరప్రాంత డెల్టాలో చాలాచోట్ల మంచినీటి పొర దిగువన ఉప్పునీరు ఉంటుంది. నీటిమట్టాన్ని మరీ దించినకొద్దీ ఆ ఉప్పునీరు బోరువైపు పైకి ఉబికివస్తుంది. నీరు తగ్గినపుడు మరింత లోతుకు తవ్వమనే రాతినేల సలహాను ఇక్కడ యథాతథంగా అనువదించరాదు. తవ్వుతున్నపుడు పొర పొరకూ నీటి ఉప్పదనాన్ని పరీక్షించి, ఉప్పు పెరిగిన చోట ఆపాలని రాయాలి. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీటి వనరు లేనపుడు 2,000 వరకు అనుమతిస్తారు.

'డ్రై రన్' అనే మాటను 'ప్రయోగాత్మకంగా నడపడం' అని పొరబడే అవకాశమున్నది. సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లబరచేది చుట్టూ ఉన్న నీరే. నీరు లేకుండా నడిపితే అది కాలిపోతుంది. అందువలన ఆ వాక్యం తెలుగులో 'నీరు లేకుండా మోటారును ఒక్క నిమిషమైనా నడపరాదు' అని ఉండాలి.