గోల్కొండ గైడు నోట 1518: ఒక చిన్న వాక్యం గురించి

గోల్కొండ మీద రాసినవారు శాసనాలు చదివారు, ఫార్సీ తవారీఖులు చదివారు, విదేశీ యాత్రికుల రాతలు చదివారు. ఆ కోటలో రోజూ పదిసార్లు వినిపించే చరిత్రను మాత్రం వినలేదు. బాలా హిస్సార్ దర్వాజా దగ్గర టిక్కెట్టు తీసుకున్న విదేశీయుడికి గైడు గంటన్నరలో చెప్పే కథ మన పరిశోధనకు ఆధారంగా కాదు, అపచారంగానే కనబడింది. ఈ వ్యాసం ఆ చూపుతో పేచీ.

పేచీ ప్రధానంగా ఒకరితో. దక్కను చరిత్రలో నాకన్నా పెద్దవారు, ఫార్సీ మూలాలు సూటిగా చదవగలిగినవారు. ఆయన వాదన ఇది: గైడు పారిభాషిక పదాన్ని విరిచేస్తాడు, తారీఖును అరగదీస్తాడు, చివరికి అతిథి చేతిలో మిగిలేది పిట్టకథ. కాబట్టి తరఫ్‌దార్‌ను తరఫ్‌దార్ అనే చెప్పాలి, ప్రతి తేదీనీ హిజ్రీ, క్రీస్తు శకాలు రెండింటిలో చెప్పాలి. ఆయన పత్రం చదివిన ఏడాదే నేను గైడ్ల వెంట తిరగడం మొదలుపెట్టాను. మొదటి వారంలోనే ఆయన పప్పులో కాలేశారని అనిపించింది. ఆ అనుమానమే ఈ పరిశోధనకు బీజం.

ముందు ఆయన సిఫారసునే పరీక్షిద్దాం. బాలా హిస్సార్ దర్వాజాకు చేరువలో, లోపలికి వెళ్లేవారంతా దాటిపోయే జామీ మసీదు ఉంది. దాని శాసనం హిజ్రీ 924 నాటిది. కొత్తగా పనిలో చేరిన ఒక గైడు కుర్రాడు నా ఎదుటే దీన్ని ఒక జర్మన్ దంపతులకు క్రీస్తు శకంలోకి మార్చి చెప్పాడు. హిజ్రీ శకం మొదలైంది 622లో కనుక 924కు 622 కలిపి 1546 అన్నాడు. కూడికలో తప్పు లేదు, తేదీ మాత్రం తప్పు. మసీదు కట్టించిన సుల్తాన్ కులీ కుతుబుల్ ముల్క్ 1543లోనే హతమయ్యాడు. చనిపోయిన మూడేళ్లకు మసీదు కట్టించినట్లయింది. హిజ్రీ సంవత్సరం చాంద్రమానం, మన సంవత్సరం కన్నా సుమారు పదకొండు రోజులు చిన్నది. నూరు హిజ్రీ సంవత్సరాలు గడిస్తే సూర్యమానంలో 97 మాత్రమే గడుస్తాయి. కనుక 924ను 97తో గుణించి నూటితో భాగిస్తే 896. దానికి 622 కలిపితే 1518. రెండు శకాలూ చెప్పాలన్న నియమం ఈ గుణకారాన్ని గైడు తలకెత్తుతుంది. అతిథి తలకు మాత్రం ఏమీ ఎక్కించదు.

పాతికేళ్లుగా ఇదే పని చేస్తున్న మరో గైడు ఈ లెక్కే వేయడు. ఎదుటి మనిషి దేశాన్నిబట్టి పోలిక ఎంచుకుంటాడు. ఇంగ్లండువాళ్లకు మహమ్మద్ కులీ "షేక్‌స్పియర్ టైమ్". 1580 నుంచి 1612 వరకు ఏలినవాడు కనుక ఆ మాట నిలుస్తుంది. ఫ్రెంచివాళ్లు వస్తే తానాషాను పద్నాలుగో లూయీ పక్కన నిలబెడతాడు, గోల్కొండ వజ్రాల కోసం వచ్చిన టావెర్నియే పేరెత్తుతాడు. ఇరాన్‌వాళ్లతో మాత్రం జాగ్రత్త పడతాడు. బాలా హిస్సార్ పైకెక్కి దూరంగా చార్మినార్ చూపిస్తూ, హైదరాబాదు కట్టిన ఏడు హిజ్రీ వెయ్యి అని చెబితే వాళ్లు ముచ్చటపడతారని ఎవరైనా అనుకుంటారు. కానీ ఇరాన్‌లో ఇవాళ వాడే హిజ్రీ సూర్యమానం. వాళ్ల లెక్కలో 1591 అంటే 970. వెయ్యి అనగానే 1621 అనుకుంటారు, అంటే ఊరు కట్టించిన రాజు పోయి తొమ్మిదేళ్లయిన తరువాత అని.

"ఒకసారి ఒకాయన నాతోని కొట్లాటకు దిగిండు సార్. నేను వెయ్యి అన్న, ఆయన తొమ్మిదొందల డెబ్బై అంటడు. ఇద్దరం కరెక్టే. అప్పటిసంది వాళ్లకు నంబర్ చెప్త లేను. షా అబ్బాస్ ఉన్నడు గదా, ఆయన గద్దెనెక్కినంక నాలుగేండ్లకు అని చెప్త. టక్కున తలకాయ ఊపుతరు."

షా అబ్బాస్ సింహాసనమెక్కింది 1587లో. నాలుగు కలిపితే 1591. సంఖ్య పలకలేదు, తేదీ మాత్రం వేలు పెట్టి చూపినంత కచ్చితంగా అందింది. నేను తిరిగిన రోజుల్లో ఇంతకన్నా నిక్కమైన కాలగణన పద్ధతి వినలేదు. దీన్ని "అరగదీయడం" అన్న పండితుడు ఆ ఇరానీ ఎదుట నిలబడి 1000 ఎందుకు 970 అయిందో మూడు వాక్యాలలో చెప్పగలరా?

ఇక అసలు సంగతికి వస్తాను. పారిభాషిక పదం. శిలాఖానాను ఆయుధాలగది అని, అంబర్‌ఖానాను ధాన్యపు కొట్టు అని, బారాదరిని పన్నెండు ద్వారాల మంటపం అని చెప్పడంలో పోయేదేమీ లేదు. వస్తువు కళ్లెదుటే ఉంది, పేరు దాని మీద అతికించే చీటీ. చిక్కంతా పదవుల దగ్గర, అందులోనూ సుల్తాన్ కులీ పదవి దగ్గర.

చాలామంది గైడ్లు చెప్పేది: "ఫిఫ్టీన్ ఎయిటీన్, ఫస్ట్ కింగ్, ఇండిపెండెంట్." బహమనీల నుంచి విడిపోయి 1518లో స్వతంత్ర రాజయ్యాడు అని. నా ప్రత్యర్థికి దొరికిన పెద్ద ఆయుధం ఇదే. తరఫ్‌దార్ అన్న పదం వదిలేసి రాజు అన్నందుకు చరిత్రే తారుమారైందని ఆయన రాశారు. తారుమారైన మాట నిజమే. అయితే ఆ తప్పు గైడు పుట్టించింది కాదు. మనం బడిలో చదువుకున్న పుస్తకాల్లో, పోటీ పరీక్షల గైడు పుస్తకాల్లో, రాజుల పట్టికల మొదటి వరసలో ఉన్నది అదే 1518. పట్టికకు ఒక మొదటి గడి కావాలి, ఆ గడిలో ఒక సంవత్సరం కావాలి. గైడు ఆ గడిని చదువుతున్నాడు, అంతే.

శాసనం ఏమంటోంది? ఆ జామీ మసీదు శాసనంలో పాలకుడిగా పేర్కొన్నది బహమనీ సుల్తాను మహమూద్ షానే. స్వతంత్రం ప్రకటించాడని మనం చెప్పుకొనే సంవత్సరంలోనే కులీ తన మసీదు మీద ఇంకొకరి పేరు చెక్కించాడు. హెచ్.కె. షేర్వానీ కుతుబ్‌షాహీల మీద రాసిన గ్రంథంలో ఈ విషయాన్ని గట్టిగా పట్టుకున్నారు. కులీ షా అనే బిరుదు పెట్టుకోలేదని, కుతుబుల్ ముల్క్‌గానే ఉండిపోయాడని ఆయన నిర్ణయం. జనం నోట అతను బడే మాలిక్. మహమూద్ షా 1518లోనే పోయాడు. ఆ తరువాత బీదరులో పేరుకు బహమనీ సుల్తానులు ఒకరి తరువాత ఒకరు కూర్చున్నారు, అధికారం బరీదుల చేతిలో ఉంది.

ఇప్పుడు దీన్ని విదేశీయుడికి ఎలా చెప్పాలి? "తరఫ్‌దార్" అంటే అర్థం కాదు. "గవర్నర్" అంటే ఇవాళ్టి రాష్ట్ర గవర్నరు గుర్తుకొస్తాడు. "కింగ్" అంటే అబద్ధం. నా ప్రత్యర్థి మొదటి పదం దగ్గరే ఆగిపోయారు. పైన చెప్పిన పెద్ద గైడుకు నేను శాసనం సంగతి చెప్పి, మీరైతే ఎలా చెబుతారని అడిగాను. ఆయన కాసేపు మసీదు వైపు చూశాడు. మర్నాడు ఒక ఆస్ట్రేలియా బృందానికి ఇంగ్లీషులో చెప్పినదాన్ని మెట్లెక్కుతూ నాకోసం మళ్లీ తెలుగులో చెప్పాడు:

"ఈయన ఒక రాజు దగ్గర పెద్ద నౌకరి చేసెటోడు. ఈ ఇలాకా మొత్తం ఈయన చేతుల పెట్టిండ్రు. ఈ మసీదు కట్టి రాజు పేరే రాయించిండు. అదే ఏడు రాజు సచ్చిపోయిండు. తర్వాత వచ్చినోళ్లు పేరుకే రాజులు. ఈయన వాళ్లను అడుగుడు బంద్ జేసిండు. రాజునని చెప్పలే. అడుగుడు బంద్ జేసిండు, అంతే."

ఈ ఎనిమిది వాక్యాలను నేను పదేపదే విన్నాను. ఇందులో ఒక్క పారిభాషిక పదం లేదు, ఒక్క సంవత్సరం లేదు. అయినా షేర్వానీ నిర్ణయం మొత్తం ఉంది. కులీ హోదాను ఏ నామవాచకమూ పట్టుకోలేకపోయింది. "అడుగుడు బంద్ జేసిండు" అన్న క్రియ పట్టుకుంది. దక్కనులో ఐదు రాజ్యాలు పుట్టిన తీరంతా ఆ క్రియలో ఉందని నా అభిప్రాయం. ఆదిల్, నిజాం, ఇమాద్, బరీద్, కుతుబ్, వీరంతా కొలువులో బిరుదులు పొందిన ఉద్యోగులు. ఒక్కొక్కరూ ఒక్కో సంవత్సరంలో అడగడం మానేశారు. చరిత్రకారులు ఆ మానేయడానికి "స్వాతంత్ర్య ప్రకటన" అని పేరు పెట్టి, దానికి తేదీ వెతికి, తేదీ మీద తగాదా పడ్డారు. చిన్న వాక్యాలలో, క్రియలతో ఆలోచించి ఉంటే ఆ తగాదాల్లో సగం పుట్టేవే కావు. మన విశ్వవిద్యాలయాల్లో దక్కను చరిత్ర చెప్పేవారు తమ మొదటి పాఠాన్ని ముందు ఒక పరాయి దేశస్థుడికి చెప్పి చూసుకోవాలని నేను ఇందుకే అంటాను.

అందరు గైడ్లూ ఈయనలా చెప్పరు. ఒప్పుకుంటాను.

తేదీ విషయంలో చివరి మాట 1687 గురించి. జనవరి చివర ఔరంగజేబు ముట్టడి మొదలైంది, ఎనిమిది నెలలు కోట లొంగలేదు. పడిపోయిన రోజు సెప్టెంబరు 21 అని ఆంగ్ల చరిత్రల్లో ఉంది. నా ప్రత్యర్థి పత్రంలోనూ అదే ఉంది, పక్కన హిజ్రీ 1098 జిల్‌ఖాదా 24 కూడా ఉంది. రెండూ సరైనవే. అయితే సెప్టెంబరు 21 ఇంగ్లండు అప్పటికింకా వదలని పాత క్యాలెండరు లెక్క. ఫ్రెంచివాడి క్యాలెండరులో, ఇవాళ మనందరం వాడే క్యాలెండరులో అది అక్టోబరు 1. రెండు శకాలు ఇచ్చినా ఈ పది రోజుల తేడా ఆయన పత్రంలో ఎక్కడా కనబడదు. పెద్ద గైడు "వానాకాలం పోతున్నప్పుడు" అంటాడు. రెండు క్యాలెండర్లలోనూ అది నిజం. ముట్టడి ఎందుకంత సాగిందో కూడా అందులోనే తెలుస్తుంది. ఆ ఏడు కురిసిన వానలకు మంజీర పొంగింది, మొఘల్ దండుకు తిండి అందలేదు.

ఫతే దర్వాజా పేరు దగ్గర విదేశీయులు తప్పకుండా ఒక ప్రశ్న వేస్తారు. విక్టరీ గేట్ అంటున్నారు, ఎవరి విజయం? పండితుడైతే ఫతే అన్న అరబ్బీ ధాతువుకు గెలవడం, తెరవడం రెండు అర్థాలూ ఉన్నాయని చెప్పవచ్చు. పెద్ద గైడు ఆ ధాతువు ఎరగడు. ఇనుప మేకులు దిగగొట్టిన ఆ తలుపు మీద చెయ్యి పెట్టి, లోపలి సర్దారు అబ్దుల్లా ఖాన్ పన్నీ లంచం తిన్న కథ చెప్పి, ఇంగ్లీషులో రెండే వాక్యాలు అంటాడు. లోపలివాడు తలుపు తీశాడు. బయటివాడు దానికి గెలుపని పేరు పెట్టాడు.