తిండి తగ్గితే కాళ్లూ పొదుపు చేస్తాయి

డైటింగ్ మొదలుపెట్టిన రెండు మూడు నెలలకి తూకం ముల్లు కదలడం మానేస్తుంది. తినేది అంతే, పొద్దుటి వాకింగూ అంతే. మరి లెక్క ఎక్కడ తప్పింది? ఈ ప్రశ్నకు వందేళ్ల చరిత్ర ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆహార కొరత భయం పట్టుకున్నప్పుడు, అమెరికాలోని కార్నెగీ సంస్థ పోషకాహార ప్రయోగశాలలో ఫ్రాన్సిస్ బెనెడిక్ట్ కొందరు కాలేజీ కుర్రాళ్లకు నెలల తరబడి తిండి తగ్గించి చూశాడు. ఆ వివరాలు 1919లో వెలువడ్డాయి. ఊరికే పడుకుని ఉన్నప్పుడు వాళ్ల ఒళ్లు ఖర్చు చేసే శక్తి, బరువు ఎంత తగ్గిందో దానికి మించి తగ్గింది. చిన్న ఒంటికి చిన్న ఖర్చు అన్న మామూలు లెక్క అక్కడ సరిపోలేదు. శరీరం అదనంగా ఇంకొంత మిగుల్చుకుంటోంది.

అసలు కథ రెండో యుద్ధం చివర్లో, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో నడిచింది. యుద్ధంలో తుపాకీ పట్టబోమన్న 36 మంది యువకులు స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. యాన్సెల్ కీస్ బృందం వాళ్లకు 24 వారాలు అంతకుముందు తింటున్న దానిలో సగం తిండే పెట్టింది. బరువు దాదాపు నాలుగో వంతు పోయింది. చేతులు చల్లబడ్డాయి, నాడి నెమ్మదించింది. ఇవన్నీ ఊహించదగ్గవే. నన్ను ఆపి చదివించింది మాత్రం నడక సంగతి. నియమం ప్రకారం ప్రతి ఒక్కరూ వారానికి 22 మైళ్లు, అంటే సుమారు 35 కిలోమీటర్లు నడవాలి, నడిచారు కూడా. కానీ ఆ నడక అయ్యాక మిగతా రోజంతా కుర్చీకి అతుక్కుపోయారు, పెద్ద పనేదైనా తగిలితే వాయిదా వేశారు. తర్వాత కీస్ బృందం లెక్కగడితే, మొత్తం తగ్గిన ఖర్చులో సగానికి పైగా కదలికల వాటాయే. అందులో కొంత తేలికైన ఒంటిని మోయడం వల్ల మిగిలింది. అంతకన్నా పెద్ద భాగం అసలు కదలకపోవడం వల్ల. ఇదే నా దృష్టిలో ఆ ప్రయోగం మిగిల్చిన గట్టి పాఠం, కానీ ఆకలి కథల వెనక అది మరుగున పడింది.

1995లో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో లీబెల్, రోజెన్‌బామ్, హిర్ష్ కొలిచినప్పుడూ పది శాతం బరువు తగ్గినవాళ్ల రోజువారీ ఖర్చు లెక్క ప్రకారం ఉండాల్సిన దానికన్నా కిందనే ఉంది. తర్వాతి పరిశోధనలో కండరాలు కూడా తేలికపాటి పనిని తక్కువ శక్తితో చేసేస్తున్నాయని తేలింది. కొవ్వు కరిగేకొద్దీ లెప్టిన్ హార్మోన్ పడిపోవడం దీనికి ఒక కారణం. ఆ హార్మోన్‌ని మనం పట్టుకుని ఆపలేం. కదలికను మాత్రం కొలవగలం.

ఒక ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్‌లో ఆఫీసు ఉద్యోగి, 80 కిలోలు. డైటింగ్‌కి ముందు వారం సగటున రోజుకు 8,000 అడుగులు: పొద్దుటి వాకింగ్‌లో 4,000, మిగతావి ఇల్లూ ఆఫీసూ కలిపి. మూడు నెలలకి 74 కిలోలయ్యాడు. వాకింగ్ తప్పలేదు. కానీ లిఫ్టు ఎక్కడం, టీ సీటు దగ్గరికే తెప్పించుకోవడం, ఫోను కూర్చునే మాట్లాడటం, సాయంత్రం కూరగాయలు ఆన్‌లైన్‌లో తెప్పించడం అలవాటైపోయాయి. ఇప్పుడు సగటు 5,500. పోయిన 2,500 అడుగులంటే దాదాపు పావు తక్కువ రెండు కిలోమీటర్లు. కిలో బరువుకి కిలోమీటరుకి అర క్యాలరీ చొప్పున వేసుకున్నా 65 క్యాలరీలు, ఒక చపాతీకి కాస్త తక్కువ. ఒక్కరోజుకి ఇది ఏ మూలకీ రాదు. రోజుకు 400 క్యాలరీల లోటు అనుకున్నవాడికి మాత్రం ఆరో వంతు ఎగిరిపోయినట్టే. దాని మీద జీవక్రియ పొదుపూ తోడవుతుంది.

కాబట్టి మొదటి పని, తిండి తగ్గించకముందే ఒక వారం మామూలుగా తిరుగుతూ ఫోనులో సగటు రాసుకోవడం. అదే మీ కనీస హద్దు. 10,000 అనే అంకె 1965 ప్రాంతంలో జపాన్ పెడోమీటర్ అమ్మకాల కోసం పుట్టింది, దాన్ని పట్టుకుని వేలాడక్కర్లేదు. రోజూ కాకుండా వారం సగటు చూడండి. అది హద్దుకి వెయ్యి కింద పడితే వాకింగ్ పొడిగించకుండా, పోయిన చోటే తిరిగి పెట్టాలి: భోజనం తర్వాత పది నిమిషాలు, అంటే దాదాపు వెయ్యి అడుగులు, ఫోను మాట్లాడేటప్పుడు నిలబడి నడక. తేలికైన ఒంటి వల్ల తగ్గిన ఖర్చును కూడా పూడ్చాలంటే, నెల తర్వాత మరో వెయ్యి రెండు వేలు కలపొచ్చు. ఒక్కసారిగా ఐదు వేలు పెంచితే మధ్యాహ్నం సోఫాలో కూలబడి అందులో కొంత తిరిగి పోవచ్చు.

దీనికీ పరిమితి ఉంది. అడుగులు పడిపోయిన జీవక్రియను లేపవు, కదలిక వాటాను మాత్రమే కాస్తాయి. తూకం ఒక వారం ఆగిందని కంగారుపడనక్కర్లేదు. ఒంట్లో నీరు నిలిచినా అలాగే ఉంటుంది, మూడు నాలుగు వారాల సగటు చూడాలి. ఎంత ప్రయత్నించినా అడుగులు హద్దుకి చేరక, చలి, చిరాకు, నిద్ర పట్టకపోవడం కలిసి వస్తుంటే లోపం కాళ్లది కాకపోవచ్చు, తిండి మరీ తగ్గించి ఉండొచ్చు. ఒకటి రెండు వారాలు బరువు నిలబెట్టేంత తిని, అప్పుడు అడుగుల సగటు దానంతట అదే ఎంత లేస్తుందో చూడాలి.