వడ్డీ తీవ్రత: రేటు క్షణక్షణం మారేటప్పుడు డిపాజిట్ పెరుగుదల

ఖాతాలోని సొమ్ము ఒక క్షణంలో ఎంత వేగంగా పెరుగుతోందో, ఆ క్షణాన ఉన్న మొత్తంతో భాగించి చెప్పే సంఖ్యే వడ్డీ తీవ్రత. ఆక్చువరీలు దీన్ని ఫోర్స్ ఆఫ్ ఇంటరెస్ట్ అంటారు, δ గుర్తుతో రాస్తారు. t కాలానికి ఖాతాలోని మొత్తం A(t) అయితే:

δ(t) = A′(t) / A(t)

దీని వెనక ఉన్నది చక్రవడ్డీ లెక్కే. భారతదేశంలో బ్యాంకుల ఫిక్స్‌డ్ డిపాజిట్లపై సాధారణంగా మూడు నెలలకోసారి వడ్డీ అసలులో కలుస్తుంది. 8 శాతం రేటుకు అలా కలిపితే లక్ష రూపాయల మీద ఏడాదికి 8,243 రూపాయలు వస్తాయి. నెలకోసారి కలిపితే 8,300. కలిపే వ్యవధిని ఇంకా ఇంకా తగ్గిస్తూ పోయినా రాబడి హద్దు లేకుండా పెరగదు, 8,329 రూపాయల దగ్గర ఆగుతుంది. అది e^0.08 ఇచ్చే విలువ. పదిహేడో శతాబ్దం చివర్లో యాకోబ్ బెర్నూలీ ఇలాంటి వడ్డీ ప్రశ్ననే పరిశీలిస్తూ e అనే సంఖ్యను సమీపించాడు. తీవ్రత మారకుండా ఉంటే, ఏడాదికి వాస్తవంగా వచ్చే రేటు iతో దాని సంబంధం δ = ln(1+i).

తీవ్రత కాలంతో మారుతుంటే పై నిర్వచనాన్ని సమాకలనం చేయాలి. s కాలాన వేసిన ఒక రూపాయి n కాలానికి ఎంతవుతుందో ఈ సూత్రం చెబుతుంది:

A(s, n) = exp( ∫ₛⁿ δ(t) dt )

ఒక ఉదాహరణ చూద్దాం. మొదటి 5 ఏళ్లు δ(t) = 0.06 + 0.004t, ఆ తర్వాత 0.08 అనుకుందాం. అంటే తీవ్రత 6 శాతం దగ్గర మొదలై, మెల్లగా 8కి చేరి, అక్కడే నిలిచిపోతుంది. మొదటి రోజున వేసిన లక్ష రూపాయలు 8 ఏళ్ల చివర ఎంతవుతాయి? తొలి ఐదేళ్ల సమాకలని 0.30 + 0.05 = 0.35, తర్వాతి మూడేళ్లది 0.24, మొత్తం 0.59. e^0.59 విలువ 1.80399 కనుక 1,80,399 రూపాయలు వస్తాయి. ఈ 0.59ని 8తో భాగిస్తే సగటు తీవ్రత 0.07375. ఎనిమిదేళ్లూ ఏడాదికి సుమారు 7.65 శాతం స్థిరంగా వచ్చినా ఇదే మొత్తం చేతికందుతుంది. తీవ్రతలను ఇలా సూటిగా సగటు తీయవచ్చు, వార్షిక రేట్లను తీయకూడదు. మారే రేట్లతో పనిచేసేవారికి తీవ్రత ఇంత అనుకూలంగా ఉండటానికి ముఖ్య కారణం ఇదే.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. మూడో ఏడాది చివర 50,000 రూపాయలు వేసి ఎనిమిదో ఏడాది దాకా ఉంచామనుకోండి. డబ్బు ఖాతాలో ఉన్నది ఐదేళ్లే కదా అని చాలామంది 0 నుంచి 5 వరకు సమాకలనం చేస్తారు. అప్పుడు 70,953 రూపాయలు వస్తాయి, కానీ అది తప్పు. δ లోని t డిపాజిట్ వయసు కాదు, మొదటి నుంచి నడుస్తున్న కాలం. కాబట్టి హద్దులు 3, 8. మూడు నుంచి ఐదు వరకు 0.152, ఆ తర్వాత 0.24, కలిపి 0.392. సరైన జవాబు 73,997 రూపాయలు. మూడు వేలకు పైగా తేడా!

లెక్క సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఒక మార్గం ఉంది. మొదటి మూడేళ్ల సమాకలని 0.198 కాబట్టి అప్పటికి ఒక రూపాయి 1.21896 అవుతుంది. దాన్ని e^0.392 విలువ 1.47994తో గుణిస్తే మళ్లీ 1.80399 రావాలి. మధ్యలో సొమ్ము తీసి అదే క్షణంలో తిరిగి వేసినా చివరి మొత్తం మారకూడదన్న నియమమే ఈ పరీక్షకు ఆధారం. పైన చెప్పిన తప్పు లెక్క ఈ పరీక్షలో నిలవదు.

సూత్రం పదును మరింత తెలిసేది డిపాజిట్లు కూడా నిరంతరంగా ప్రవహించేటప్పుడు. ఏడాదికి 12,000 రూపాయల చొప్పున ఆగకుండా ఖాతాలో చేరుతుంటే, ప్రతి క్షణంలో చేరిన చిన్న మొత్తాన్నీ అది చేరిన సమయం నుంచి విడిగా పెంచి, అన్నిటినీ కూడాలి:

∫₀⁸ 12000 · A(s, 8) ds

చివరి మూడేళ్లలో తీవ్రత స్థిరం కనుక ఆ భాగం తేలిక: 12,000 × (e^0.24 − 1) / 0.08 = 40,687 రూపాయలు. మొదటి ఐదేళ్ల భాగం అంత సులువు కాదు. అక్కడ ఘాతంలో −0.06s − 0.002s² ఉంటుంది. s² చేరడంతో ఆ సమాకలనికి మామూలు ప్రమేయాలతో రాయగల జవాబు ఉండదు. సింప్సన్ పద్ధతిలో ఐదేళ్లను నాలుగు సమభాగాలు చేసి లెక్కిస్తే సుమారు 92,090 వస్తుంది. రెండు భాగాలే చేసినా తేడా ఒక రూపాయి మించదు, వక్రరేఖ అంత నునుపుగా ఉంటుంది. రెండూ కలిపితే, మొత్తం 96,000 రూపాయలు చేరిన ఆ ఖాతాలో ఎనిమిదో ఏడాది చివర ఉండేది దాదాపు 1,32,777 రూపాయలు.