ఏ సర్వీసు ఏ సర్వర్లో: డిప్లాయ్‌మెంట్ డయాగ్రమ్ నడిచివచ్చిన దారి

డిప్లాయ్‌మెంట్ డయాగ్రమ్ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఏ సర్వీసు ఏ సర్వర్లో నడుస్తోంది అన్నది మొదటిది. ఆ సర్వర్ పడిపోతే ఇంకా ఏమేం ఆగిపోతాయి అన్నది రెండోది. మొదటిదానికి జవాబు పెట్టెల్లో ఉంటుంది, రెండోదానికి బాణాల్లో ఉంటుంది. గత 30 ఏళ్ళలో పెట్టె అర్థమూ మారింది, బాణం గీసే పద్ధతీ మారింది. పాత అలవాటుతో కొత్త చిత్రాన్ని చదివినప్పుడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి.

గ్రేడీ బూచ్ 1990ల మొదట్లో తన పుస్తకాల్లో ప్రాసెస్ డయాగ్రమ్ అనే చిత్రం వాడాడు. ప్రోగ్రామ్ నడిపే ప్రాసెసర్ ఒక ఘనాకారం, ప్రోగ్రామ్ నడపని పరికరం ఇంకో ఘనాకారం, వాటిని కలుపుతూ గీతలు. అప్పట్లో పెట్టె అంటే గదిలో చేత్తో తాకగల యంత్రమే. 1995లో ఫిలిప్ క్రూష్టెన్ ఐఈఈఈ సాఫ్ట్‌వేర్ పత్రికలో ‘4+1’ దృక్కోణాల వ్యాసం రాసి, సాఫ్ట్‌వేర్ ఏ యంత్రం మీద కూర్చుంటుందో చెప్పే భౌతిక దృక్కోణానికి విడిగా చోటిచ్చాడు. 1997లో యూఎంఎల్ ప్రమాణంగా వచ్చినప్పుడు ఆ ఘనాకారమే ‘నోడ్’ అయింది. దాని లోపల కాంపొనెంట్లు, వాటి మధ్య చుక్కల బాణాలు వచ్చాయి.

ఈ చుక్కల బాణం దగ్గర కాసేపు ఆగాలి. ఇది సమాచారం ఎటు ప్రవహిస్తుందో చెప్పదు. ఎవరికి ఎవరు కావాలో చెబుతుంది. తోక ఆధారపడినవాడి దగ్గర ఉంటుంది, మొన ఆధారమైనవాడి దగ్గర ఉంటుంది. రిపోర్టుల ప్రోగ్రామ్ డేటాబేస్ నుంచి వివరాలు తెచ్చుకుంటుందనుకుందాం. వివరాలు డేటాబేస్ నుంచి ఇటు వస్తున్నా, బాణం మాత్రం రిపోర్టుల నుంచి డేటాబేస్ వైపే ఉంటుంది. నోడ్ల మధ్య కనిపించే నిండు గీత వేరు. అది ఆ రెండు యంత్రాలూ మాట్లాడుకోగల దారి మాత్రమే. దారి ఉన్నంత మాత్రాన ఒకటి పడితే రెండోది పడుతుందని కాదు.

2005లో వచ్చిన యూఎంఎల్ 2.0 ఒక అవసరమైన మార్పు చేసింది. సర్వర్ మీద నిజంగా పెట్టేది కాంపొనెంట్ అనే ఊహను కాదు, ఒక ఫైలును. ఆ ఫైలును ‘ఆర్టిఫాక్ట్’ అని పిలిచి, నోడ్‌లో ఉండాల్సింది అదేనంది. నోడ్‌ను కూడా విడదీసింది. యంత్రమైతే `«device»`, దాని లోపల నడిచే టామ్‌క్యాట్ లాంటిదైతే `«executionEnvironment»`. అంటే పెట్టెలో పెట్టె వచ్చింది. బయటి పెట్టె పోతే లోపలున్నవన్నీ పోతాయి, లోపలి పెట్టె పోతే బయటిదానికి ఏమీ కాదు.

ఆ రోజుల నాటి మామూలు చిత్రం ఒకటి తీసుకుని చదువుదాం. `app01`, `app02`, `db01` అని మూడు సర్వర్లు. `app01`లో `orders.war`, `auth.war` ఉన్నాయి. `app02`లో `orders.war` రెండో కాపీ, దానితోపాటు `reports.war` ఉన్నాయి. ఆర్డర్ల నుంచి లాగిన్ చూసే `auth.war`కు ఒక చుక్కల బాణం ఉంది. మూడు ప్రోగ్రాముల నుంచీ `db01`లోని డేటాబేస్‌కు బాణాలున్నాయి.

`app01` పడిపోయింది. పైపైన చూస్తే ఆర్డర్లకు భయం లేదనిపిస్తుంది, రెండో కాపీ `app02`లో ఉంది కదా. పద్ధతిగా చదివితే జవాబు వేరు. ముందు పడిన పెట్టెలో ఏమున్నాయో రాసుకోవాలి: ఆర్డర్ల ఒక కాపీ, లాగిన్. తర్వాత ఒక్కొక్కదానికీ మరోచోట కాపీ ఉందా అని చూడాలి. ఆర్డర్లకు ఉంది, లాగిన్‌కు లేదు. అప్పుడు లాగిన్‌లోకి వచ్చే బాణాలను మొన నుంచి తోక వైపు వెనక్కి నడవాలి. అక్కడ ఆర్డర్లు కనిపిస్తాయి, అదీ రెండు కాపీలూ. `app02` చక్కగా నడుస్తూనే ఉంటుంది, కానీ ఒక్క ఆర్డరూ తీసుకోలేదు. రిపోర్టులకు మాత్రం లాగిన్ అక్కర్లేదు కనుక అవి బతికే ఉంటాయి. రెండు కాపీలు పెట్టడానికి చేసిన ఖర్చంతా ఆ ఒక్క బాణం వల్ల వృథా అయింది. పెట్టెలు మాత్రమే చూసేవాళ్ళకు ఇది ఎప్పటికీ కనబడదు.

బాణం చెప్పలేని సంగతీ ఒకటుంది. డేటాబేస్ పది నిమిషాలు ఆగితే ఆర్డర్లు వెంటనే ఆగుతాయి. రాత్రిపూట నడిచే రిపోర్టుకు ఆ సంగతే తెలియకపోవచ్చు. చిత్రంలో మాత్రం రెండు బాణాలూ ఒకేలా ఉంటాయి. ఎంతసేపు ఓర్చుకోగలదో బాణం పక్కనే రాయించాలని నేను గట్టిగా అంటాను.

వర్చువల్ మెషీన్లు వచ్చాక ‘సర్వర్’ అని రాసిన పెట్టె యంత్రం కాకుండా పోయింది. `app01`, `app02` రెండూ ఒకే ఇనుప డబ్బాలో ఉండవచ్చు. ఆ బయటి పెట్టె గీయకపోతే రెండు కాపీల ధీమా ఉత్తదే. 2006లో అమెజాన్ ఈసీ2 మొదలయ్యాక అసలు డబ్బా కనుమరుగై, దాని స్థానంలో రీజియన్, జోన్ అనే పెట్టెలు వచ్చాయి. 2022లో మొదలైన హైదరాబాద్ రీజియన్ `ap-south-2`లో మూడు జోన్లున్నాయి. చిత్రంలో రీజియన్ పేరు మాత్రమే ఉండి జోన్ లేకపోతే, కాపీలన్నీ ఒకే జోన్‌లో ఉన్నాయో లేదో చెప్పలేం.

2014లో కుబెర్నెటిస్ బయటికి వచ్చాక చోటే స్థిరంగా లేకుండా పోయింది. మూడు కాపీలు కావాలని మనం రాస్తాం, ఏ నోడ్ మీద పెట్టాలో అది నిర్ణయిస్తుంది. నిన్న గీసిన చిత్రం ఇవాళ తప్పు కావచ్చు. కాబట్టి చోటును నడుస్తున్న వ్యవస్థనే అడగాలి:

```
kubectl get pods -o wide
```

వచ్చే పట్టికలో `NODE` అనే నిలువు వరుస చూడాలి. మూడు కాపీల ఎదురుగా ఒకే నోడ్ పేరుంటే అవి పేరుకే మూడు. ఇది చోటు చెబుతుంది గానీ బాణాలు చెప్పదు. వాటికి వేరే దారి దొరికింది. ఒక అభ్యర్థన ఏ సర్వీసు నుంచి ఏ సర్వీసుకు వెళ్ళిందో వెంబడించే డాపర్ గురించి గూగుల్ 2010లో ప్రచురించింది. ఆ తరహా పనిముట్లు నిజంగా జరిగిన పిలుపుల నుంచి బాణాలు గీస్తాయి. అయితే జరగని పిలుపు వాటికి కనబడదు. సర్వీసు మొదలయ్యేటప్పుడు ఒక్కసారి చదివే సెట్టింగుల సర్వర్, ప్రమాదం వచ్చినప్పుడు మాత్రమే వాడే మార్గం వంటివి చేత్తోనే గీయాలి.

ఒక్క బాణం ఎంతదాకా దెబ్బతీయగలదో చెప్పడానికి 2017 ఫిబ్రవరి 28న అమెజాన్‌లో జరిగింది మంచి ఉదాహరణ. అమెరికా తూర్పు తీరంలోని `us-east-1` రీజియన్‌లో ఎస్3 నిల్వ సేవకు చెందిన కొన్ని సర్వర్లను తీసేయడానికి ఒక ఉద్యోగి ఆదేశం ఇచ్చాడు. అందులో ఒక విలువ తప్పు పడి, అనుకున్నదానికన్నా ఎక్కువ సర్వర్లు పోయాయి. ఆ పోయిన సర్వర్ల మీదే రెండు ఉపవ్యవస్థలు నడుస్తున్నాయి. ఒకటి, ఏ ఫైలు ఎక్కడుందో గుర్తుంచుకునే ఇండెక్స్. రెండోది, కొత్త ఫైలుకు చోటు కేటాయించే ప్లేస్‌మెంట్. ప్లేస్‌మెంట్ నుంచి ఇండెక్స్‌కు ఒక బాణం ఉంది. అందుకే అమెరికా పసిఫిక్ సమయం ప్రకారం ఇండెక్స్ మధ్యాహ్నం 1:18కి పూర్తిగా కోలుకున్నా, ప్లేస్‌మెంట్ కోలుకునేసరికి 1:54 అయింది. ఎస్3 మీద ఆధారపడ్డ ఈసీ2 కొత్త యంత్రాల ప్రారంభం, లాంబ్డా వంటివీ దెబ్బతిన్నాయి.

ఏ సేవ బాగుందో, ఏది పడిందో కస్టమర్లకు చెప్పే స్థితి పట్టిక కూడా చిక్కుకుంది. దాన్ని మార్చే నిర్వహణ పేజీ ఎస్3 మీదే ఆధారపడింది. ఉదయం 9:37కి గొడవ మొదలైతే, 11:37 దాకా పట్టికలో ఒక్కొక్క సేవ స్థితినీ మార్చలేకపోయారు. ఈలోగా సంగతి ట్విటర్‌లో, పట్టిక పైన ఒక ప్రకటనగా చెప్పాల్సి వచ్చింది. తర్వాత ఆ నిర్వహణ పేజీని ఒకటికన్నా ఎక్కువ రీజియన్లలో నడిచేలా మార్చారు. డయాగ్రమ్ చేతికొచ్చినప్పుడు అందులో పర్యవేక్షణ పేజీ, అలర్టులు పంపే సర్వీసు ఏ పెట్టెలో ఉన్నాయో నేను అందుకే ముందుగా వెతుకుతాను. అవి కాపలా కాసే సర్వీసు ఉన్న పెట్టెలోనే కనబడితే, మిగతా బాణాలు చూడకముందే ఆ రెంటినీ బయటికి మార్చమని అడుగుతాను.