చేపపిల్లతో వచ్చే తెల్లమచ్చ

రామగుండం, గోదావరిఖని ప్రాంతపు చెరువుల్లో చేపపిల్లలను వదలడం మీలో కొందరు చూసే ఉంటారు. ఒకప్పుడు ఆ పిల్లలను వరద కాలంలో నదుల నుంచే పట్టేవారు. 1957లో హీరాలాల్ చౌధురి బృందం పీయూష గ్రంథి సారాన్ని ఎక్కించి, దేశవాళీ కార్ప్ చేపల చేత గుడ్లు పెట్టించింది. ఆ తర్వాత హేచరీలు పెరిగాయి. తెలంగాణలో 2016-17లో ఉచిత చేపపిల్లల పంపిణీ మొదలైనప్పుడు ఆంధ్ర జిల్లాల నుంచి కూడా పిల్లలు లారీల్లో వచ్చాయి. ఇలా ఇరుకుగా పెరిగి దూరం ప్రయాణించే పిల్లలతో పాటు పరాన్నజీవులూ ప్రయాణించగలవు.

తెల్లమచ్చ వ్యాధిని కలిగించే ప్రోటోజోవాకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫూకే 1876లో ఇక్తియోఫ్తీరియస్ మల్టీఫిలిస్ అని పేరు పెట్టాడు. 'చాలా పిల్లలు గల చేప పేను' అని దాని భావం. శైలికలతో కదిలే ఈ జీవి చేప చర్మపు పైపొర కింద, మొప్పలలో చేరి పెరుగుతుంది. మనకు కనిపించే తెల్లచుక్క అదే. బాగా పెరిగాక చేపను వదిలి అడుగుకు చేరి, చుట్టూ తిత్తి కట్టుకుని, వందల పిల్లలుగా చీలుతుంది. ఆ పిల్లలు ఒకటి రెండు రోజుల్లో మరో చేపను చేరకపోతే చనిపోతాయి. నీరు 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే ఈ చక్రం సుమారు వారంలో పూర్తవుతుంది. నీరు 30 డిగ్రీలు దాటితే దీని వృద్ధి కుంటుపడుతుంది. అందువల్ల మన ప్రాంతపు ఎండాకాలం కంటే చలికాలమే దీనికి అనుకూలం.

ఇప్పుడొక ఉదాహరణ తీసుకుందాం. సోమవారం చుక్కలు చూసి రైతు ఫార్మలిన్ వేశాడు. నీటిలో ఈదుతున్న పిల్లలు చచ్చాయి, కానీ చర్మం కింద ఉన్నవి, తిత్తిలో ఉన్నవి బతికాయి. శుక్రవారానికి చుక్కలు ఇంకా పెరిగాయి. రైతు మందు నకిలీదనుకున్నాడు. నిజానికి మందు తన పని చేసింది, అది తగలని దశలే మిగిలాయి. అందుకే రోజు విడిచి రోజు మూడు నాలుగుసార్లు వేయాలి.

మొప్పలకు పట్టే చదునుపురుగు డాక్టిలోగైరస్ విషయంలోనూ ఇదే చిక్కు. దీని గుడ్లు మందుకు లొంగవు. అవి పొదిగాక మళ్లీ మందు వేయాలి.

ఖర్చు కూడా లెక్కించండి. మీటరు లోతున్న ఎకరం చెరువులో సుమారు 4,000 ఘనపు మీటర్ల నీరు ఉంటుంది. ఘనపు మీటరుకు 15 మిల్లీలీటర్ల చొప్పున ఒక్క మోతాదుకే 60 లీటర్ల ఫార్మలిన్ కావాలి. పైగా అది నీటిలోని ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది. తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరుస్తున్న చెరువులో వేస్తే, రోగం కంటే మందే ముందు చంపుతుంది.

కాబట్టి వచ్చిన పిల్లలను నేరుగా చెరువులో వదలకండి. రెండు వారాలు చిన్న తొట్టిలో విడిగా ఉంచి, కొన్నింటి మొప్పలను సూక్ష్మదర్శినిలో చూడండి. మెల్లగా దొర్లుతున్న గుండ్రని కణంలో గుర్రపు నాడా ఆకారపు కేంద్రకం కనిపిస్తే అది తెల్లమచ్చ జీవే. కొక్కేలతో అతుక్కుని సాగుతూ ముడుచుకుంటున్నది మొప్పల పురుగు. రోగాన్ని తొట్టిలోనే పట్టుకుంటే మందు లీటర్లలో కాదు, మిల్లీలీటర్లలో సరిపోతుంది.