జెట్టీ పైల్స్ తుప్పు సర్వే

సముద్రంలో నిలిచిన జెట్టీ కాంక్రీటు పైల్స్‌లోని ఊచలకు ఎక్కడ తుప్పు పడుతోందో పైల్‌ను అంతటా పగలగొట్టకుండా తెలుసుకునే పరీక్ష ఇది. ఊచల విద్యుత్ పొటెన్షియల్‌ను హాఫ్‌సెల్‌తోనూ, ఉప్పు ఎంత లోతుకు దిగిందో కాంక్రీటు పొడిలోని క్లోరైడ్‌తోనూ కొలుస్తారు.

1824లో హంఫ్రీ డేవీ బ్రిటిష్ యుద్ధనౌకల రాగి తొడుగును జింకు, ఇనుప ముక్కలతో కాపాడి చూపాడు. తుప్పును విద్యుత్ రసాయన చర్యగా చూసే ఈ ఆలోచన ఆ తర్వాత వందేళ్లకు పైగా కాంక్రీటు దాకా రాలేదు. 1929లో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంపై కట్టిన శాన్‌మటేయో–హేవర్డ్ వంతెన కాంక్రీటు పగుళ్లిచ్చినప్పుడు, కాలిఫోర్నియా హైవే విభాగానికి చెందిన రిచర్డ్ స్ట్రాట్‌ఫుల్ దాని ఊచల పొటెన్షియల్‌ను ఓపికగా కొలిచి 1957లో ప్రకటించాడు. పైకి బాగానే కనిపించే చోట కూడా లోపలి తుప్పును పసిగట్టవచ్చని తేల్చిన విలువైన పని అది.

1977లో ఏఎస్‌టీఎం సీ876 ప్రమాణం వచ్చింది. ఒకచోట ఊచను బయటపెట్టి మీటరు తీగ తగిలిస్తారు. మైలుతుత్తం ద్రావణంలో రాగి కడ్డీ ఉన్న హాఫ్‌సెల్ గొట్టాన్ని తడి స్పాంజితో కాంక్రీటు మీద గళ్లవారీగా ఆనించి రీడింగ్ రాసుకుంటారు. మైనస్ 200 మిల్లీవోల్టుల కంటే తక్కువ రుణాత్మకమైతే తుప్పు లేకపోవడానికి, మైనస్ 350 దాటితే ఉండడానికి 90 శాతానికి పైగా అవకాశం.

ఈ హద్దులు వంతెన డెక్‌ల అనుభవంతో పుట్టినవి. నీటిలో మునిగిన కాంక్రీటుకు అలాగే అన్వయించకూడదు. ఒక ఊహా పైల్‌ను తీసుకుందాం: డెక్ కింద మైనస్ 150, అలలు తాకే చోట మైనస్ 420, నీటి అడుగున మైనస్ 850. అన్నిటికంటే చెడ్డగా కనిపించే అడుగు భాగమే చాలాసార్లు క్షేమం. అక్కడ ఆక్సిజన్ అందక పొటెన్షియల్ పడిపోతుంది, తుప్పు కూడా నెమ్మదిస్తుంది. అసలు ప్రమాదం ఉప్పు, గాలి రెండూ అందే అలల పట్టీలో.

అనుమానం తీర్చేది క్లోరైడ్. లోతువారీగా డ్రిల్ చేసి, ఏ పొరకు ఆ పొర పొడిని విడిగా పరీక్షిస్తారు. మన పైల్ అలల పట్టీలో ఊచ లోతున కాంక్రీటు బరువులో 0.25 శాతం క్లోరైడ్ తేలిందనుకుంటే, ఘనమీటరు 2400 కిలోలు కాబట్టి అది 6 కిలోలు. సిమెంటు 400 కిలోలైతే సిమెంటు బరువులో 1.5 శాతం. తుప్పు మొదలవడానికి సాధారణంగా వాడే హద్దు 0.4 శాతమే.

అంత ఉప్పు ఉన్నాక పెచ్చులూడిన చోట మాత్రమే కొత్త మోర్టారు వేస్తే, పక్కనున్న పాత కాంక్రీటులోని ఊచ కొత్తగా తుప్పు పడుతుంది. పైపూతకు కూడా అప్పటికే ఆలస్యమైనట్టే. అందుకే పైల్ చుట్టూ తొడుగు బిగించి, లోపల జింకు జాలీని ఊచలకు కలిపి మోర్టారు నింపుతారు. నీటిలో వేలాడదీసిన జింకు దిమ్మ ఒక్కటే అయితే అడుగుకు పనికొస్తుంది గానీ, తరచూ ఆరిపోయే పై పట్టీకి దాని కరెంటు చాలినంత చేరదు. బయటి కరెంటుతో కాపాడే పద్ధతిని స్ట్రాట్‌ఫుల్ 1973లో కాలిఫోర్నియాలోని స్లై పార్క్ వంతెన డెక్‌పై ప్రయోగించాడు. ఉప్పు ఎక్కువున్నా అది పనిచేస్తుంది, అయితే రెక్టిఫయర్‌నూ కేబుళ్లనూ జెట్టీ ఉన్నన్నాళ్లూ చూసుకునే మనిషి కావాలి.